పోర్టల్లో రాని ఉద్యోగం ఫౌండర్ పోస్టులో ఎట్లా కనబడుతుంది?

ప్రశ్న: "అన్నా, మాది చంద్రగిరి. టెక్సాస్‌లో ఎమ్మెస్ అయిపోయి చదువు తర్వాత పనిచేసుకునే ఓపీటీ అనుమతి మీద ఉండాను. పోర్టళ్లలో రోజూ అప్లికేషన్లు పెడతానే ఉండా, ఒక్క పిలుపూ రాలేదు. ఫౌండర్లు, మేనేజర్లు లింక్డ్‌ఇన్‌లో పెట్టే పోస్టుల నుంచి ఉద్యోగాలు దొరకతాయంటారు. నేను వెతికితే 'ఇంట్రెస్టెడ్' అని వందల కామెంట్లు పడిన పోస్టులే కనిపిస్తా ఉండాయి. యాడ వెతకాల, ఏమని రాయాల?"

జవాబు: తమ్ముడూ, చిక్కంతా నువ్వు వెతికే మాటలోనే ఉంది. "hiring" అని కొడితే, అదే మాట కొట్టిన వాళ్లందరికీ కనిపించిన పోస్టులే నీకూ వస్తాయి. వాటిలో చాలావరకు రిక్రూటర్లవి, కన్సల్టెన్సీలవి, ఫాలోవర్లను పెంచుకోవడానికి రాసేవాళ్లవి. నీకు కావలసిన పోస్టు రాసే మనిషి వేరు. ఐదారుగురితో కంపెనీ నడిపే ఫౌండర్‌కు హెచ్ఆర్ ఉండదు. పోర్టల్లో ప్రకటన ఇస్తే వచ్చిపడే రెజ్యూమెలన్నీ చదివే తీరికా ఉండదు. అందుకని ముందు తెలిసినవాళ్ల చెవిన వేస్తాడు. ఏం పని చేస్తున్నారో, అది ఎక్కడ ఆగిపోతోందో నాలుగు ముక్కలు రాసి, ఇట్లాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి అంటాడు. ఆ పోస్టులో ఉద్యోగం పేరు కూడా ఉండకపోవచ్చు. కాబట్టి ఉద్యోగం పేరుతో కాదు, ఆయన పడుతున్న ఇబ్బందిని ఏ మాటల్లో రాస్తాడో ఆ మాటలతో వెతకాలి.

నువ్వు డేటా ఇంజనీరింగ్ చదివావనుకుందాం. లింక్డ్‌ఇన్ సెర్చ్ పెట్టెలో ఇట్లాంటివి ఒక్కొక్కటిగా కొట్టి చూడు:

```
"first data hire"
"looking for someone who" pipeline
"my team" "data engineer" (opening OR headcount)
```

తర్వాత Posts ఎంచుకో. Sort by దగ్గర Latest, Date posted దగ్గర Past 24 hours పెట్టు. వారం దాటిన పోస్టుకు రాయకూడదని కాదు గానీ, మొదటి రోజు రాసిన మాటను ఫౌండర్ స్వయంగా చదివే అవకాశం ఎక్కువ. ఎక్స్‌లో వెతికేటప్పుడు చివర `-filter:replies` అని చేరిస్తే ఎవరో ఎవరికో ఇచ్చిన జవాబులు పోయి అసలు పోస్టులే మిగులుతాయి. నీ రంగంలో చిన్న కంపెనీలు నడిపేవాళ్లు పాతికమంది దొరికాక, వాళ్లను ఫాలో అయి ప్రొఫైల్లో గంట గుర్తు నొక్కి పెట్టుకో. అప్పటినుంచి రోజూ వెతికే పని తగ్గుతుంది.

సత్యవేడు వైపు నుంచి వచ్చిన మా బంధువుల అబ్బాయి సంగతి వివరంగా చెబుతాను, నీ ప్రశ్నలో సగానికి జవాబు అందులోనే ఉంది. వాడు అమెరికా రాకముందు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో రెండేళ్లు చేశాడు. సప్లయర్లు పంపే ఎక్సెల్ షీట్లన్నీ ఒకచోట చేర్చి, ఏ విడిభాగం ఎప్పుడొస్తుందో లెక్క తీయడం వాడి పని. ఇక్కడ ఎమ్మెస్ అయ్యాక ఆ రెండేళ్లను రెజ్యూమెలో ఒక్క లైనులో పెట్టి, కాలేజీ ప్రాజెక్టులను మాత్రం పేజీ అంతా రాశాడు.

ఒకరోజు వాడికి ఒక పోస్టు కనిపించింది. ఆసుపత్రి బిల్లులను ఇన్సూరెన్స్ చెల్లింపులతో సరిచూసే సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. ఆ ఫౌండర్ రాసిందల్లా ఇంతే: ఒక్కో ఆసుపత్రి ఒక్కో రకం ఫైలు పంపుతోంది, మా ఇంజనీరుకు వారంలో సగం వాటిని బాగుచేయడానికే పోతోంది, ఇట్లాంటి గందరగోళం ఇష్టంగా సర్దేవాళ్లు ఎవరైనా తెలుసా? డేటా ఇంజనీర్ అన్న మాట ఎక్కడా లేదు. కంపెనీ సైట్లో ఉద్యోగాల పేజీయే లేదు.

కామెంట్లలో అప్పటికే కొందరు రెజ్యూమెలు అంటించారు. వీడు రెజ్యూమె జోలికి పోలేదు. ఆ సాయంత్రం కూర్చొని, ఉత్తుత్తి డేటాతో మూడు రకాల ఫైళ్లు తయారుచేసి, వాటిని ఒకే రూపంలోకి తెచ్చే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసి గిట్‌హబ్‌లో పెట్టాడు. పాత కంపెనీ కోడ్ గానీ, షీట్లు గానీ అందులో ఒక్కటీ లేవు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. పాత యజమాని డేటా బయటపెట్టేవాణ్ని ఆసుపత్రుల డేటా చూసుకునే కంపెనీ దగ్గరికి రానివ్వదు. తర్వాత ఫౌండర్‌కు మెయిల్ పెట్టాడు. ఇంగ్లీషులో రాసిందాని సారం ఇది:

"మీ పోస్టులో చెప్పిన ఫైళ్ల సమస్యను నేనొక ఫ్యాక్టరీలో రెండేళ్లు చూశాను. సప్లయర్ల షీట్లలో కాలమ్ పేర్లు చెప్పాపెట్టకుండా మారిపోయేవి. లోడ్ చేయడానికి ముందే కాలమ్‌లను సరిపోల్చి, తేడా ఉన్న ఫైలును పక్కన పెట్టి, పంపినవాళ్లకు మెయిల్ వెళ్లేలా చేశాను. మీ దగ్గర తేడా ఎక్కువగా కాలమ్ పేర్లలో వస్తోందా, తేదీలు, మొత్తాలు రాసే తీరులోనా? అదే పద్ధతిలో చేసిన చిన్న నమూనా ఈ లింకులో ఉంది."

ఇందులో మూడు విషయాలు చూడు. మొదటి వాక్యమే ఆయన రాసినదానికి తగిలింది. నేను కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను లాంటి మాట ఒక్కటీ లేదు. చివర ఉద్యోగం అడగలేదు, పని గురించి ప్రశ్న అడిగాడు. ఆ పని చేసినవాడికి తప్ప తట్టని ప్రశ్న అది. ఫౌండర్ ఆ ప్రశ్నకే జవాబిచ్చాడు, తేదీల దగ్గరే ఎక్కువ తేడా అని. అక్కడినుంచి వీడియో కాల్ దాకా వెళ్లడం కష్టం కాలేదు.

మెయిల్ ఎందుకంటే, లింక్డ్‌ఇన్‌లో ఉచిత ఖాతాకు కనెక్షన్ నోట్ 200 అక్షరాలకు మించదు. పైగా నెలకు కొన్ని నోట్లకే అనుమతి. చిన్న కంపెనీల సైట్లలో ఫౌండర్ మెయిల్ చాలాసార్లు దొరుకుతుంది. దొరకకపోతే పోస్టు కిందే ఆ ప్రశ్నను కామెంటుగా పెట్టు, ఆయన స్పందించాక కనెక్షన్ పంపు.

ఇప్పుడు వీసా మాట. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఓపీటీ మొదటి 12 నెలలకు కంపెనీ ప్రభుత్వానికి ఏ దరఖాస్తూ పెట్టనక్కర్లేదు. అయితే ఆ తర్వాత సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్లకిచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు కావాలంటే ఉద్యోగికి పనిచేసే హక్కు ఉందా అని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ పత్రం మీద సంతకం చేయాలి, జీతం ఇవ్వాలి, వారానికి కనీసం 20 గంటల పని ఉండాలి. ఐదారుగురి కంపెనీ ఈ-వెరిఫైలో ఉండకపోవడం మామూలే. నమోదుకు రుసుము లేదని కూడా చాలామంది ఫౌండర్లకు తెలియదు. మొదటి మెయిల్లో ఇదంతా రాయొద్దు, ఆఫర్ దాకా దాచనూ వద్దు. పని గురించి మొదటి సంభాషణ బాగా నడిచాక, ఇప్పుడు కంపెనీకి ఏ ఖర్చూ లేదని, ఫలానా నెలలోపు ఈ-వెరిఫై కావాలని, తర్వాత హెచ్1బీ వర్క్ వీసా లాటరీ ఉంటుందని నెల పేర్లతో సహా చెప్పెయ్. మా వాడు ఒక్క పేజీలో రాసి పంపాడు. ఫౌండర్ తన లాయరును అడిగి ఒప్పుకున్నాడు. ఒప్పుకోని వాళ్లూ ఉంటారు. అది ముందే తేలడం మేలు, ఎందుకంటే మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు. చేరిన కంపెనీ మూతపడితే ఆ లెక్క మళ్లీ మొదటినుంచి రాదు, ఆగినచోటి నుంచే సాగుతుంది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బుతో ఎన్ని నెలలు నడుస్తుందని ఫౌండర్‌ను అడగడానికి మొహమాటపడొద్దు. మదుపరుల నుంచి డబ్బు తీసుకున్న కంపెనీలు చాలావరకు ఆ వివరాలతో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఫారం డి దాఖలు చేస్తాయి. ఎస్ఈసీ వాళ్ల ఎడ్గర్ సైట్లో కంపెనీ పేరు కొడితే ఎవరైనా చూడొచ్చు.

రెండు వారాలు మాతో పనిచేసి చూడు అని కొందరు అంటారు. పని అనుమతికి ఇచ్చే ఈఏడీ కార్డు మీది తేదీ మొదలుకాకముందు జీతం లేకుండానైనా చేయొద్దు. మొదలయ్యాక చేస్తే జీతం అడిగి చెయ్యి, చేరిన 10 రోజుల్లోపు ఆ వివరం విదేశీ విద్యార్థుల లెక్క ఉంచే ప్రభుత్వ సెవిస్ రికార్డులో పడేట్టు చూసుకో.

పెద్ద కంపెనీ మేనేజర్ "నా టీములో ఒక ఖాళీ ఉంది" అని పెట్టే పోస్టు దారి కొంచెం వేరు. అక్కడ ఆయన ఒక్కడి మాటతో ఉద్యోగం రాదు. కంపెనీ సైట్లో అప్లై చేసే తీరాలి. అప్లై చేసి, ఆ ఉద్యోగం నంబరుతో ఆయనకు రెండు మూడు వాక్యాలు రాయి. కుప్పలో ఉన్న నీ పేరును ఆయనే రిక్రూటర్‌ను అడిగి బయటికి తీయించగలడు. సైట్లో ఆ ఉద్యోగం ఇంకా పడకపోతే ఎప్పుడు పడుతుందని అడుగు. పోస్టు ముందు, అనుమతి తర్వాత రావడం జరుగుతూనే ఉంటుంది.

నకిలీ పోస్టుల గురించి చెప్పకుండా వదలలేను. పని ఏమిటో చెప్పకుండా జీతం మాత్రం ఊరించే పోస్టు, "ఇంట్రెస్టెడ్ అని కామెంట్ చేయండి" అనే పోస్టు వదిలెయ్. ముఖం చూపకుండా చాట్‌లోనే ఇంటర్వ్యూ ముగించి, ల్యాప్‌టాప్ కొనుక్కోమని చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమంటే అది మోసం. చెక్కు కొన్నాళ్లకు చెల్లదని తేలుతుంది, నువ్వు పంపిన డబ్బు మాత్రం పోతుంది. ఆఫర్ ఖాయం కాకముందే సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగినా ఆగిపో. మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా, ఫౌండర్‌తో ఇంతకుముందు పనిచేసినవాళ్లు పోస్టు కింద మాట్లాడుతున్నారా అని చూడు. ఫౌండర్లు మాకు తెలుసు, లోపల మాట్లాడి పెట్టిస్తాం అని తిరుపతిలో అమ్మానాన్నల దగ్గర లక్షలు కట్టించుకునేవాళ్లున్నారు. పోస్టు పెట్టిన మనిషికి నువ్వు నేరుగా రాయగలవు, మధ్యలో ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదని ఇంట్లో వాళ్లకు ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి రాయి. "నా మెయిల్ చూశారా" అని కాకుండా, నమూనాలో కొత్తగా ఏం చేర్చావో చెప్పి రాయి. దానికీ పలకకపోతే ఆ పేరు పక్కన తేదీ వేసి వదిలెయ్. గంట గుర్తు మాత్రం తీసెయ్యొద్దు, అదే ఫౌండర్ మూడు నెలలకు ఇంకో అవసరంతో పోస్టు పెట్టవచ్చు.