ఎన్నార్వో ఎఫ్‌డీ వడ్డీలో మూడోవంతు దాకా కోసేస్తున్నారే, ఏం చేయాలి?

ఈ మధ్య కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు, ముఖ్యంగా హెచ్4 మీద వచ్చిన ఆడపిల్లలు, తరచూ అడుగుతున్న సందేహం ఇది. "పెళ్ళికి ముందు నాన్న నా పేరున 15 లక్షలు ఎఫ్‌డీ వేశారు. ఇన్నాళ్ళూ పైసా పట్టుకోలేదు. ఇప్పుడు బ్యాంకు ముప్పై ఒక్క శాతం పట్టుకుంటోంది. నాకు ఉద్యోగమే లేదు, ఇంత పన్నెందుకు?"

బ్యాంకు పొరపాటేమీ లేదు. మీరు దేశం దాటాక ఆ ఖాతా ఎన్నార్వో, అంటే ఎన్నారైలు ఇండియాలోని ఆదాయం ఉంచుకునే ఖాతాగా మారింది. ఎన్నార్వో వడ్డీ మీద మొదటి రూపాయి నుంచీ 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం టీడీఎస్, అంటే వడ్డీ ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, కోయమని చట్టమే బ్యాంకుకు చెబుతోంది. ఊళ్ళో ఉన్నవాళ్ళకైతే 2025-26లో ఒక బ్యాంకులో వడ్డీ 50 వేలు దాటితేనే (అరవై దాటిన పెద్దలకు లక్ష) 10 శాతం కోస్తారు. ఆ వెసులుబాటు మనకు లేదు.

లెక్క చూద్దాం. 15 లక్షలకు 7 శాతం చొప్పున ఏడాదికి వడ్డీ 1,05,000. అందులో టీడీఎస్ 32,760. మరి ఆమె నిజంగా కట్టాల్సిన పన్నెంత? సున్నా. కొత్త పన్ను విధానంలో 2025-26కి 4 లక్షల వరకు పన్ను లేదు. అది ఎన్నారైకీ వర్తిస్తుంది. పట్టుకున్నదీ, కట్టాల్సిందీ వేర్వేరు. కోసిన 32,760 మొత్తం ఆమెకు తిరిగి రావాల్సిన డబ్బే. ఇక్కడొక మెలిక ఉంది. 12 లక్షల దాకా పన్ను లేదని వార్తల్లో వింటాం కదా, ఆ రిబేటు దేశంలో నివసించేవాళ్ళకే. మన హద్దు 4 లక్షలే. వడ్డీ 5 లక్షలైతే పైనున్న లక్షకు 5 శాతం, సెస్సుతో కలిపి 5,200 కట్టాలి. అప్పుడు బ్యాంకు కోసేది మాత్రం 1,56,000.

ఇలాంటప్పుడు ఊళ్ళో నాన్నగారు చేసే మొదటి పని, ఏప్రిల్‌లో బ్రాంచికి వెళ్ళి అమ్మాయి పేరున టీడీఎస్ కోయొద్దని చెప్పే 15జీ ఫారం ఇచ్చి రావడం. ఖాతా ఇంకా పాత సేవింగ్స్‌గానే ఉంటే బ్యాంకువాళ్ళు తీసుకుంటారు కూడా. వద్దని గట్టిగా చెప్పండి. 15జీ, పెద్దవాళ్ళు ఇచ్చే 15హెచ్ రెండూ దేశంలో నివాసమున్నవాళ్ళకే. ఎన్నారై సంతకం పెడితే అది తప్పుడు డిక్లరేషన్, శిక్షలున్న వ్యవహారం. ఖాతాను ఎన్నార్వోగా మార్చకుండా ఉంచడం విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కింద ఇంకో ఉల్లంఘన.

కాబట్టి చిన్న మొత్తాలవాళ్ళకు అసలైన దారి ఇండియాలో రిటర్ను వేసి రిఫండు తెచ్చుకోవడం. ఎన్నారైకి ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి, అందులో నివాస స్థితి నాన్ రెసిడెంట్ అని ఎంచుకోవాలి. గడువు సాధారణంగా జూలై 31. ఏప్రిల్‌లోనే తొందరపడకండి. బ్యాంకులు చివరి త్రైమాసికపు టీడీఎస్ వివరాలు పంపడానికి మే నెలాఖరు దాకా గడువుంది. జూన్ మధ్యలో మీ పాన్ మీద జమైన పన్ను చూపే 26ఏఎస్ తెరిచి, బ్యాంకు ఇచ్చిన టీడీఎస్ సర్టిఫికెట్ 16ఏతో సరిపోల్చండి. కోసింది 32,760 అయి, 26ఏఎస్‌లో తక్కువ కనిపిస్తే బ్యాంకులో మీ పాన్ తప్పుగా ఉందేమో చూడండి. దాన్ని సరిచేయించకుండా రిటర్ను వేస్తే రిఫండు ఇరుక్కుపోతుంది.

ఇంకో రెండుచోట్ల పని ఆగుతుంది. ఒకటి, ఆధార్‌తో జత కాని పాన్. ఎన్నారైకి జత చేయాల్సిన పని లేదు గానీ, మీరు ఎన్నారై అని ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో ఉండాలి. లేకపోతే పాన్ చెల్లకుండా పోతుంది, రిఫండు రాదు. రెండోది, రిటర్ను వేసిన 30 రోజుల్లోపు చేయాల్సిన ఇ-వెరిఫికేషన్. ఆధార్ ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది, ఆ సిమ్ ఎప్పుడో మూగబోయి ఉంటుంది. అప్పుడు మీ బ్యాంకు నెట్ బ్యాంకింగ్ ద్వారా లాగిన్ అయితే పని జరిగిపోతుంది. రిఫండు పడాల్సిన ఎన్నార్వో ఖాతాను ఆదాయపు పన్ను పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసుకోండి.

"ముందే తక్కువ కోయించుకోలేమా?" అంటారు. ఇండియా, అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం ఈ వడ్డీ మీద 15 శాతానికి మించి కోయనక్కర్లేదు. మన లెక్కలో 32,760 బదులు 15,750. దానికి బ్యాంకుకు పాన్, అమెరికా నివాస ధ్రువపత్రం, పోర్టల్‌లో దాఖలు చేసిన ఫారం 10ఎఫ్, ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. ఆ ధ్రువపత్రమే ఐఆర్ఎస్ ఇచ్చే ఫారం 6166. ఫారం 8802 నింపి 85 డాలర్లు కట్టి అడగాలి. కానీ ఇక్కడ పన్ను నివాసిగా రిటర్ను వేసినవాళ్ళకే సాధారణంగా ఇస్తారు. కొత్తగా దిగినవాళ్ళకు మొదటి ఏడాది దొరకదనే అనుకోండి. ఎఫ్1 విద్యార్థులను మామూలుగా మొదటి ఐదేళ్ళు పన్ను నివాసిగా లెక్కించరు కనుక వాళ్ళకు ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. సున్నా శాతం కోయించుకోవడానికి ఫారం 13 అనే దరఖాస్తు కూడా ఉంది. పన్ను అధికారి సర్టిఫికెట్ ఇస్తే బ్యాంకు ఆ మేరకే కోస్తుంది. అది ఏటా, బ్యాంకుబ్యాంకుకూ తీసుకోవాలి. లక్ష వడ్డీకి ఆ తిరుగుడు దండగ, నాలుగైదు లక్షల వడ్డీ ఉన్నవాళ్ళు మాత్రం ప్రయత్నించాలి.

నన్నడిగితే ఇంతకన్నా మంచి పని, డబ్బు ఉన్న చోటు మార్చడం. ఎన్నారీ, అంటే విదేశాల్లో సంపాదించింది ఇండియాలో దాచుకునే ఖాతా. అందులోని ఎఫ్‌డీ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, టీడీఎస్ కూడా ఉండదు. ఇక్కడ సంపాదించింది పంపేటప్పుడు ఎన్నార్వోలో వేయకండి, ఎన్నారీలోనే వేయండి. పాత ఎన్నార్వో డబ్బును కూడా ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితిలో ఎన్నారీకి మార్చుకోవచ్చు. బ్యాంకు ఈ బదిలీకి 15సీఏ అనే డిక్లరేషన్ అడుగుతుంది, చాలాసార్లు సీఏ ఇచ్చే 15సీబీ సర్టిఫికెట్ కూడా. ఆ ఖర్చు ఒకసారికే. నాన్నగారు ఇచ్చిన 15 లక్షలు, గడువు తీరగానే, ఇలా మార్చేస్తే ఏటా రిఫండు వెంట పడక్కర్లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఎన్నారీ ఎఫ్‌డీ ఏడాది నిండకముందే విరిస్తే వడ్డీ రాదు.

ఇదంతా ఇండియా వైపు సంగతి. అమెరికాలో పన్ను నివాసి అయ్యాక ఎన్నార్వో వడ్డీ అయినా, ఎన్నారీ వడ్డీ అయినా ఇక్కడి రిటర్నులో చూపాల్సిందే. "అక్కడ 31 శాతం కోశారు కదా, అంతా ఇక్కడ క్రెడిట్ తీసుకుంటా" అనేవాళ్ళున్నారు. కుదరదు. ఇండియాలో రిఫండుగా తెచ్చుకోగల పన్నుకు ఐఆర్ఎస్ క్రెడిట్ ఇవ్వదు, మీరు రిఫండు అడగకపోయినా సరే. మన ఉదాహరణలో ఇండియా పన్ను సున్నా, కాబట్టి క్రెడిట్ కూడా సున్నా. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక కూడా వేయాలి, 15 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే ఆ గీత దాటించేస్తుంది.

పైన చెప్పిన అంకెలు, ఫారాలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి వడ్డీకి ఫారం నింపేముందు దాని కొత్త నంబరు చూసుకోండి.