హోమ్ లోన్ సాంక్షన్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

"సాంక్షన్ లెటర్ వచ్చింది. రేపటికల్లా సంతకం పెట్టి పంపమంటున్నారు. వడ్డీ, ఫీజు ఏజెంట్ చెప్పినట్టే ఉన్నాయి. ముందే కట్టేసినా చార్జీలు ఏమీ ఉండవన్నాడు. అయినా టెన్షన్‌గా ఉంది. ఇంకేం చూసుకోవాలి?"

ముందుగా ఒక మాట. రేపటికల్లా ఇవ్వాల్సిన అవసరం లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి హోమ్ లోన్‌కూ బ్యాంకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. అందరూ కేఎఫ్ఎస్ అంటారు. అది మీ చేతికి వచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువు ఉండాలి. ఆ గడువులోగా మీరు ఒప్పుకుంటే అందులోని షరతులకు బ్యాంకు కట్టుబడి ఉండాలి. మీకు అర్థమయ్యే భాషలోనే రాసివ్వాలి కాబట్టి తెలుగులో కావాలని అడగొచ్చు. సాంక్షన్ లెటర్‌తో పాటు అది రాకపోతే మొదట అదే అడగండి. అది లేకుండా సంతకం పెట్టకండి.

నేను 2024 నవంబర్‌లో 40 లక్షలకు, 20 ఏళ్ల కాలానికి లోన్ పెట్టాను. ఏజెంట్ నాకూ ఈ మాటలే చెప్పాడు. వడ్డీ 8.50, ప్రాసెసింగ్ ఫీజు అర శాతం, ముందే కడితే సున్నా చార్జీలు. లెటర్ మొదటి పేజీలో 8.50 కనిపించగానే ప్రాణం కుదుటపడింది. పెన్ను తీసుకున్నాక మా ఆవిడ లెటర్ లాక్కుని, "మనం అడిగింది నలభై లక్షలు కదా, ఇక్కడ నలభై ఒకటీ అరవై అని ఉందేంటి?" అంది. అక్కడి నుంచి ఒక్కో లైను చదవడం మొదలుపెట్టాం.

ఆ అదనపు 1,60,000 ఇన్సూరెన్స్ ప్రీమియం. లోన్‌కు రక్షణ పేరుతో ఒకేసారి కట్టే పాలసీ. దాని డబ్బు కూడా లోన్‌లోనే కలిపేశారు. మేము అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అప్లికేషన్ మీద పెట్టిన సంతకాల్లో ఒకటి దానికట. ఈఎంఐ 34,713 ఉండాల్సింది 36,101 అయింది. నెలకు 1,388 తేడా అంటే చిన్నదిగానే కనిపిస్తుంది. 240 నెలలకు లెక్కేస్తే 3,33,000 పైమాటే. అంటే లక్షా అరవై వేల పాలసీకి రెట్టింపు కడతామన్నమాట. ప్రాసెసింగ్ ఫీజు కూడా పెరిగిన మొత్తం మీదే వేశారు. 40 లక్షల మీద అర శాతం 20,000, దానిపై 18 శాతం జీఎస్టీ 3,600, మొత్తం 23,600 కావాలి. లెటర్‌లో మాత్రం 24,544 ఉంది. మీ లెటర్‌లోనూ ఫీజు అంకెను ఇలా వెనక్కి లెక్కేసి చూడండి. మీరు అడిగిన మొత్తంతో సరిపోకపోతే లోన్‌లో ఇంకేదో కలిసిందని అర్థం.

దీనికి ఇంకో గుర్తు కేఎఫ్ఎస్‌లోని ఏపీఆర్. వడ్డీతో పాటు ఫీజులు, ఇన్సూరెన్స్ లాంటి ఖర్చులన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో అది చెబుతుంది. నా విషయంలో పైన 8.50 అని ఉంటే ఏపీఆర్ 9.1 దాటింది. ప్రాసెసింగ్ ఫీజు ఒక్కటే ఉంటే ఇరవై ఏళ్ల లోన్‌లో అంత తేడా రాదు. ఆ తేడా కనిపిస్తే కేఎఫ్ఎస్‌లోనే ఫీజుల పట్టిక చూడండి. బ్యాంకుకు వెళ్లేవి వేరుగా, బ్యాంకు ద్వారా బయటివాళ్లకు వెళ్లేవి వేరుగా రాసి ఉంటాయి. ఇన్సూరెన్స్ ఈ రెండో వరుసలో ఉంటుంది. కేఎఫ్ఎస్‌లో రాయని ఏ ఫీజునైనా మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప తర్వాత వసూలు చేయకూడదు. అందుకే ఆ పట్టిక కాపీ జాగ్రత్తగా దాచుకోండి.

ఇన్సూరెన్స్ వద్దంటే "రేటు 0.05 పెరుగుతుంది సార్" అన్నారు. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. మేము కాగితం మీద లెక్కేశాం. 40 లక్షలకు 8.55 మీద ఈఎంఐ 34,840. అంటే నెలకు 127, ఇరవై ఏళ్లకు సుమారు 30,500. అవతల మూడు లక్షల ముప్పై మూడు వేలు. రేటు పెంచుకోమనే చెప్పాం. ఇంటిమీద అప్పు ఉన్నప్పుడు కుటుంబానికి రక్షణ తప్పకుండా ఉండాలి, దాన్ని నేను కాదనను. విడిగా టర్మ్ పాలసీ తీసుకున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు చెప్పిన "ముందే కడితే చార్జీలు ఉండవు" అనే మాట సగమే నిజం. వ్యాపారానికి కాకుండా వ్యక్తులు తీసుకున్న, వడ్డీ ఎప్పటికప్పుడు మారే ఫ్లోటింగ్ రేటు లోన్‌కు ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదు. హోమ్ లోన్ల విషయంలో బ్యాంకులకు ఇది 2012 నుంచే ఉంది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లోన్లకు ఆర్‌బీఐ దీన్ని మరింత స్పష్టం చేసింది. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కట్టినా చార్జీ వేయకూడదు, ఇన్నేళ్లు ఆగాలన్న లాక్ఇన్ కూడా పెట్టకూడదు. కానీ ఇదంతా ఫ్లోటింగ్‌కు. మీ లోన్ మొదట కొన్నేళ్లు ఫిక్స్‌డ్‌గా ఉండి తర్వాత ఫ్లోటింగ్‌కు మారే రకమైతే, మీరు డబ్బు కట్టే రోజున అది ఏ రేటులో ఉందన్నదే లెక్క.

నా లెటర్ మొదటి పేజీలో 8.50 పక్కన చిన్న చుక్క గుర్తు ఉంది. దాని వివరణ నాలుగో పేజీ అడుగున దొరికింది. మొదటి 36 నెలలు ఫిక్స్‌డ్, ఆ తర్వాత అప్పటికి అమల్లో ఉన్న ఫ్లోటింగ్ రేటు. రెండు పేరాల కింద, ఫిక్స్‌డ్ కాలంలో ముందుగా కట్టే మొత్తం మీద 2 శాతం, పన్నులు అదనం. మాకు ఒక స్థలం అమ్మే ఆలోచన ఉంది. ఏడాదిలోగా 12 లక్షలు లోన్‌కు కట్టేద్దామనుకున్నాం. దాని మీద 24,000, జీఎస్టీ 4,320, మొత్తం 28,320 చార్జీ పడేది. ఏజెంట్ అబద్ధం చెప్పాడని నేను అనను. ఫ్లోటింగ్ లోన్ గురించి తను చెప్పింది నిజమే. మాకు రాసిచ్చింది మాత్రం ఆ లోన్ కాదు.

కాబట్టి మీ లెటర్‌లో వడ్డీ అంకె కన్నా ముందు ఆ వడ్డీ ఏ రకమో చూడండి. కేఎఫ్ఎస్‌లో ఫిక్స్‌డ్, ఫ్లోటింగ్, రెండూ కలిసినది అని విడిగా రాస్తారు. ఫ్లోటింగ్ అయితే దాని కింద నాలుగు అంకెలు ఉండాలి. వడ్డీకి ఆధారమైన బెంచ్‌మార్క్ ఏది, ఆ రోజు దాని రేటు ఎంత, దానిపై బ్యాంకు కలిపే స్ప్రెడ్ ఎంత, మొత్తం ఎంత. బ్యాంకులు చాలావరకు ఆర్‌బీఐ తమకు అప్పిచ్చే రెపో రేటునే బెంచ్‌మార్క్‌గా పెడతాయి. ఈ బెంచ్‌మార్క్‌కు ముడిపెట్టిన లోన్‌లో వడ్డీ కనీసం మూడు నెలలకోసారి సరిచేయాలి. బెంచ్‌మార్క్ పావు శాతం మారితే మీ ఈఎంఐ ఎంత, నెలలు ఎన్ని మారతాయో కూడా అక్కడే రాసి ఉంటుంది. నా మొదటి లెటర్‌లో 36 నెలల తర్వాత స్ప్రెడ్ ఎంతో ఎక్కడా లేదు. స్ప్రెడ్ రాయలేదంటే మూడేళ్ల తర్వాతి వడ్డీ గురించి బ్యాంకు మీకు ఏ మాటా ఇవ్వలేదనే.

స్ప్రెడ్ ఎందుకంత ముఖ్యమంటే, రెపో అందరికీ ఒకటే, మీకు ప్రత్యేకంగా పడేది స్ప్రెడ్. అందులో మీ క్రెడిట్ రిస్క్‌కు సంబంధించిన భాగాన్ని, మీ క్రెడిట్ పరిస్థితి బాగా మారితే తప్ప బ్యాంకు ఇష్టానికి పెంచకూడదు. ఏ పరిస్థితిలో మారుస్తారో లెటర్‌లో ఉంటుంది. ఈఎంఐలు తప్పడం, సిబిల్ స్కోర్ పడిపోవడం లాంటివి. ఆ పేరా ఒక్కసారి నిదానంగా చదవండి. మీ లోన్ బ్యాంకుది కాకుండా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీదైతే, రేటు వాళ్లే నిర్ణయించుకునే పీఎల్ఆర్ అనే మూల రేటు మీద ఆధారపడి ఉండొచ్చు. రెపో తగ్గగానే అది తగ్గాలన్న నియమం లేదు.

మేము బ్యాంకుకు ఫోన్ చేయలేదు, మెయిల్ పెట్టాం. ఫోన్‌లో అందరూ అంతా సరే అంటారు, రేపు చూపించుకోవడానికి ఏమీ మిగలదు. నేను రాసింది దాదాపు ఇంతే:

"లోన్ మొత్తం 40,00,000 మాత్రమే ఉండాలి, ఇన్సూరెన్స్ తీసేయండి. రేటు మొదటి నెల నుంచే రెపోకు లింక్ అయిన ఫ్లోటింగ్‌గా ఉండాలి, స్ప్రెడ్ ఎంతో రాయండి. కొంత మొత్తం కట్టినా, పూర్తిగా తీర్చేసినా చార్జీ లేదని రాయండి. సవరించిన సాంక్షన్ లెటర్, కేఎఫ్ఎస్ పంపండి."

నాలుగో రోజున కొత్త లెటర్ వచ్చింది. అప్పటి రెపో 6.50, స్ప్రెడ్ 2.05, మొత్తం 8.55. ముందస్తు చెల్లింపు చార్జీ దగ్గర సున్నా. ఫీజు 23,600. ఆ తర్వాత 2025లో రెపో నాలుగుసార్లు తగ్గి డిసెంబర్‌కు 5.25 అయింది. రీసెట్ తేదీలు దాటుకుంటూ నా రేటు 7.30కి వచ్చింది. పాత లెటర్ మీద సంతకం పెట్టి ఉంటే ఇప్పటికీ 8.50 కడుతూ ఉండేవాళ్లం. స్థలం అమ్మి 12 లక్షలు కట్టినప్పుడు రూపాయి కూడా చార్జీ పడలేదు. అలాగని ఫిక్స్‌డ్ ఎప్పుడూ తప్పని చెప్పను. రెపో పెరిగే కాలంలో అదే కాపాడుతుంది. మూడేళ్ల వరకు మీ చేతికి పెద్ద మొత్తం వచ్చే అవకాశం లేకపోతే ఆ 2 శాతం మిమ్మల్ని తాకకపోవచ్చు. మీ దగ్గరికి డబ్బు ఎప్పుడు వస్తుందో చూసుకుని నిర్ణయించుకోండి.

ఇంకో చిన్న విషయం. కొన్ని లెటర్లలో వడ్డీ "మొదటి డిస్‌బర్స్‌మెంట్ రోజున ఉన్న రేటు ప్రకారం" అని ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కు ఇంకా నెలో, రెండు నెలలో ఉంటే చెక్కు తీసుకునే రోజున రేటు మళ్లీ చూసుకోండి. వడ్డీ కూడా డబ్బు నిజంగా మీకు చేరిన రోజు నుంచే లెక్కేయాలి, సాంక్షన్ తేదీ నుంచి కాదు.

మీ లెటర్‌లో వడ్డీ రకం దగ్గర ఏముంది, స్ప్రెడ్ ఎంత, ఏపీఆర్ ఎంత? పేరు, అకౌంట్ వివరాలు పెట్టకుండా ఈ మూడూ కింద రాయండి, చూసి చెబుతాను.