క్లినిక్ సైట్‌లో ఫారం, మ్యాప్, కాల్ బటన్

ప్రశ్న: మా క్లినిక్ సైట్‌కి మ్యాప్, కాల్ బటన్ పెట్టాలి. కాంటాక్ట్ ఫారం పెట్టాను కానీ మెసేజ్‌లు మెయిల్‌కి రావట్లేదు. ఏం చేయాలి?

కాల్ బటన్ ఒక్క లైను పని:

```html
<a href="tel:+12025550143">కాల్ చేయండి</a>
```

నంబర్ మాత్రం మీది పెట్టండి, దేశం కోడ్‌తో సహా. మొబైల్లో ఇది స్క్రీన్ అడుగున ఎప్పుడూ కనబడాలి. నొప్పితో ఉన్న మనిషి పేజీ అంతా వెతకలేడు కదా. మ్యాప్‌కి గూగుల్ మ్యాప్స్‌లో Share, ఆపైన Embed a map నొక్కి, వచ్చిన కోడ్‌ని పేజీలో అతికిస్తే చాలు.

అసలు టెన్షన్ ఫారంతోనే. చాలాసార్లు తప్పు ఫారం పంపే మెయిల్‌లోని From దగ్గర ఉంటుంది: అక్కడ పేషెంట్ మెయిల్ అడ్రస్ పెట్టేస్తారు. మీ సర్వర్ వేరేవాళ్ల అడ్రస్‌తో మెయిల్ పంపినట్టు అవుతుంది కాబట్టి, అందుకునే సర్వర్ దాన్ని నమ్మదు. స్పామ్‌లో వేస్తుంది, లేదా తిప్పికొడుతుంది. పేషెంట్‌కి మాత్రం ‘మీ మెసేజ్ అందింది’ అని కనిపిస్తుంది, పాపం ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

From లో మీ డొమైన్ అడ్రస్, Reply-To లో పేషెంట్ అడ్రస్ పెట్టండి. తర్వాత మీ సొంత జీమెయిల్ అడ్రస్‌తో ఫారం నింపి పంపండి. మెయిల్ ఇన్‌బాక్స్‌కి రావాలి, Reply నొక్కితే ఆ జీమెయిల్‌కే వెళ్లాలి. అప్పటికీ రాకపోతే, మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే SPF, DKIM రికార్డులు డొమైన్‌కి ఉన్నాయో లేదో చూడండి.

ఫారంలో పేరు, ఫోన్, మెయిల్, వీలైన సమయం అడిగితే సరిపోతుంది. జబ్బు వివరాలు మెయిల్లో తిరగకూడదు, అవి ఫోన్‌లోనే అడగండి.