పెట్టీ క్యాష్‌లో తగ్గిన రెండున్నర వేలు

ప్రశ్న: నేను సీఏ శిక్షణలో భాగంగా ఆర్టికల్‌షిప్ చేస్తున్నాను. ఒక కంపెనీ ఆడిట్‌లో చివరి రోజు సాయంత్రం పెట్టీ క్యాష్ లెక్కపెడితే 2,500 రూపాయలు తగ్గాయి. నన్ను సొంత కొడుకులా చూసుకున్న పెద్దవయసు క్యాషియర్ గారు "బాబూ, రాయకు, సోమవారం పెట్టేస్తాను" అన్నారు. ఆయన ఉద్యోగం పోతుందేమోనని నా డబ్బే వేసేద్దామనిపిస్తోంది. సీనియర్‌కు ఇంకా చెప్పలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, మీ డబ్బు అందులో వేయకండి. ఆ క్షణం నుంచి మీరు లెక్క చూసేవారు కాక లెక్కలో భాగస్వాములవుతారు. తర్వాత ఈ సంగతి బయటపడితే ఆయనకూ మేలు జరగదు.

తగ్గిన ప్రతి రూపాయీ దొంగతనం కాదు. ఆ కంపెనీలో ఇంప్రెస్ట్ పద్ధతి, అంటే ఖర్చయినంత తిరిగి నింపి చిల్లర నగదును ఒకే మొత్తంగా ఉంచే పద్ధతి ఉందని, ఫ్లోటు అనే ఆ స్థిర మొత్తం 25,000 అని అనుకుందాం. పెట్టెలో 8,340, ఇంకా రీయింబర్స్ కాని వోచర్లు 14,160 ఉంటే మొత్తం 22,500 అవుతుంది. మిగిలిన 2,500 డ్రైవరుకు డీజిల్ కోసం ఇచ్చి చీటీ రాయించుకోని అడ్వాన్సు కావచ్చు, పుస్తకానికి ఎక్కని బిల్లు కావచ్చు, ఆయన సొంత అవసరానికి వాడుకున్నదీ కావచ్చు. కనుక ఆయన ఎదుటే మరోసారి లెక్కపెట్టి, డబ్బు ఎవరి దగ్గర ఉందో నెమ్మదిగా అడగండి. అడ్వాన్సు అంటే తీసుకున్న మనిషి ఒప్పుకోలు కావాలి. బిల్లు అంటే దాని తేదీ, ఆమోదం సంతకం చూడాలి. ఆయన మాత్రం "పెట్టేస్తాను" అన్నారు గాని, ఎక్కడికి వెళ్లిందో చెప్పలేదు. నన్ను కలవరపెట్టింది ఆ మాటే.

సోమవారం ఆయన డబ్బు పెట్టినా, మీరు లెక్కించిన సమయానికి లేదన్న నిజం మారదు. అందుకే వర్కింగ్ పేపర్‌లో తేదీ, సమయం, నోట్ల వివరం, వోచర్ల మొత్తం, తేడా, ఆయన ఇచ్చిన వివరణ ఉన్నది ఉన్నట్టు రాయండి. "కాజేశారు" వంటి మాట ఒక్కటీ వద్దు. నగదును తన సమక్షంలో లెక్కించి పూర్తిగా తిరిగి అప్పగించారని ఆయన చేత సంతకం చేయించుకోండి. రేపు ఎవరైనా ఆ 2,500 మీరే తీశారంటే మీకు ఉండే రక్ష అదే.

సీనియర్‌కు ఈ రాత్రే ఫోన్ చేయండి. మొత్తం చిన్నదని వదిలేయడమా, పోయిన నెలల రీయింబర్స్‌మెంట్లు కూడా తిరగేయడమా అన్నది తేల్చవలసింది మీరు కాదు, ఆయనా ఆపై పార్ట్‌నరూ. మోసం అనుమానం ఉన్నచోట మొత్తం ఒక్కటే కొలత కాదని ఆడిటింగ్ ప్రమాణం ఎస్ఏ 240 ప్రకారం వారికి తెలుసు. అదే వోచరు రెండుసార్లు వాడారా అన్నది వారు తప్పక చూస్తారు.

క్యాషియర్ గారికి మాత్రం ముందే, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి: "అంకుల్, నేను ఇది రాయక తప్పదు. మీరు చెప్పే కారణం కూడా మీ మాటల్లోనే రాస్తాను. మా సీనియర్ అడిగేలోపు మీ మేనేజరుకు మీరే చెబితే మంచిది." ఆయన నొచ్చుకోవచ్చు, మీతో మాట మానేయవచ్చు. ఆ బాధను మీరు భరించాల్సి వస్తుంది. ఆ తర్వాత ఆయన ఉద్యోగం సంగతి కంపెనీ నిర్ణయిస్తుంది. అందులో మీరు వకాల్తా పుచ్చుకోవద్దు, సాక్ష్యమూ పెంచవద్దు.