మడమ లేస్తోంది, నడుము వంగుతోంది: అడ్డం చీలమండా, తుంటా?

"స్క్వాట్‌లో తొడలు నేలకి సమాంతరంగా వచ్చేలోపే మడమలు లేచిపోతున్నాయి, నడుము కింద గుండ్రంగా వంగిపోతోంది. రోజూ 20 నిమిషాలు స్ట్రెచింగ్ చేస్తున్నా 3 నెలలుగా తేడా లేదు. ఏం చేయాలి?"

3 నెలల్లో ఏ తేడా లేదంటే మీరు సాగదీస్తున్న చోటు ఒకటి, పట్టేస్తున్న చోటు ఇంకొకటి అయ్యుంటుంది. నాకు అదే జరిగింది. జిమ్‌లో ఎవరో "తుంటి బిగుసుకుపోయింది" అన్నారని ఏడాది పాటు తొడలు, తుంటి సాగదీశాను. చివరికి తేలిందేమిటంటే అడ్డం కుడి చీలమండ. ఇంటర్లో కబడ్డీ ఆడుతూ మడత పడింది, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని 10 రోజుల్లో మళ్ళీ ఆటకి వెళ్ళిపోయాను, ఆ తర్వాత దాని గురించి ఆలోచించనే లేదు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మడమల కింద 2 చిన్న వెయిట్ ప్లేట్లు పెట్టుకుని, చేతుల్లో ఏమీ పట్టుకోకుండా స్క్వాట్ చేయండి. (బరువు ముందు పట్టుకుంటే బ్యాలెన్స్ మారి ఎలాగూ లోతు పెరుగుతుంది, అప్పుడు ఏది ఉపయోగపడిందో తెలియదు.) ఒక్కసారిగా కిందిదాకా వెళ్ళిపోయారా, నడుము కూడా నిటారుగా నిలిచిందా? అయితే అనుమానం చీలమండ మీద. మోకాలు ముందుకు రాలేకపోతే శరీరం వెనక్కి పడిపోకుండా ఛాతీ ముందుకు వాలుతుంది, ఆ వాలుతో ఇంకా కిందికి వెళ్ళాలంటే తుంటి మడత తొందరగా నిండిపోతుంది, ఇక నడుము వంగడం తప్ప దారి ఉండదు. అందుకే మీరు చెప్పిన రెండు లక్షణాలకీ మూలం ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత కొలవండి. చెప్పులు లేకుండా గోడకి ఎదురుగా ఒక కాలు పెట్టి, మడమ నేల మీదే ఉంచి మోకాలిని గోడకి తాకించండి. తగులుతుంటే పాదం కొంచెం కొంచెం వెనక్కి జరపండి. మడమ లేవకుండా మోకాలు తగిలే ఆఖరి చోట బొటనవేలికీ గోడకీ మధ్య దూరం స్కేలుతో చూడండి. 10 సెంటీమీటర్ల దగ్గర ఉంటే చాలామందికి లోతైన స్క్వాట్‌కి సరిపోతుంది. నాకు ఎడమ 9.5, కుడి 4. ఆ రోజే వెనకనుంచి వీడియో తీయించుకుంటే కింద ఉన్నప్పుడు నా తుంటి మొత్తం ఎడమకి జరిగిపోతోందని కనిపించింది. పాదం వంపు లోపలికి కూలిపోయి మోకాలు లోపలికి వస్తే ఆ కొలత లెక్కలోకి రాదు, మోకాలు రెండో వేలి మీదుగానే వెళ్ళాలి.

కొలిచేటప్పుడు ఎక్కడ పట్టేస్తోందో కూడా గమనించండి. పిక్క కింది భాగంలో వెనక లాగితే కండరం బిగుతు. చీలమండ ముందు మడతలో ఏదో అడ్డుపడినట్టు, నొక్కినట్టు ఉంటే కీలు దగ్గరే ఆగుతోందని అర్థం, అప్పుడు పిక్క ఎంత సాగదీసినా లాభం ఉండదు. ఇంకో మాట, గోడని తోస్తూ మోకాలు నిటారుగా పెట్టి చేసే పిక్క స్ట్రెచ్ మీరూ చేస్తూ ఉండి ఉంటారు. స్క్వాట్‌లో మోకాలు వంగి ఉంటుంది కాబట్టి పై పిక్క కండరం వదులైపోతుంది, ఆపేది దాని కింద ఉండే సోలియస్. దాన్ని సాగదీయాలంటే మోకాలు వంచే చేయాలి.

తుంటి సంగతికి వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ఛాతీకి లాక్కోండి. నడుము నేల వదలకుండా తొడలు పొట్ట దగ్గరకి వచ్చేస్తుంటే తుంటిలో చోటు ఉన్నట్టే. గజ్జల్లో ముందువైపు గుచ్చినట్టు అయితే దాన్ని బలవంతంగా సాగదీయొద్దు. కాళ్ళు కొంచెం వెడల్పు చేసి, వేళ్ళు ఇంకాస్త బయటికి తిప్పి మళ్ళీ లాగి చూడండి. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక తిరిగి ఉండే కోణం అందరికీ ఒకలా ఉండవు, వ్యాయామంతో మారవు. ఆ గుచ్చడం పోయే వెడల్పే మీ స్టాన్స్. నాకు భుజాల కన్నా పాదమంత వెడల్పు సరిపోయింది.

ఇక నా ప్రోగ్రామ్. స్ట్రెచింగ్‌ని విడిగా పెట్టడం మానేశాను. వచ్చిన కదలికని వెంటనే బరువు కింద వాడకపోతే అది సాయంత్రానికల్లా పోతోంది, నా అనుభవంలో తేడా తెచ్చింది ఇదే. 80 కిలోల సగం స్క్వాట్ వదిలేసి 50కి దిగాను, 3 సెంటీమీటర్ల చెక్క మడమల కింద పెట్టుకుని.

సోమవారం ముందు గోడ దగ్గర మోకాలు ముందుకీ వెనక్కీ 10 సార్లు, చివర 2 సెకన్లు ఆగుతూ, ఎడమకి 2 సెట్లు, కుడికి 3. నాకు ముందువైపు కూడా కొంచెం అడ్డుపడేది కాబట్టి ఈ సెట్లు బ్యాండ్‌తో చేసేదాన్ని: బ్యాండ్ వెనక రాక్‌కి కట్టి, ఇటుచివర చీలమండ ముందు మడతలో, రెండువైపులా పొడుచుకొచ్చే ఎముకల కింద పడేలా. పైన పడితే కాలి ఎముకని లాగుతుంది, పని జరగదు. తర్వాత ఒక మోకాలి మీద కూర్చుని, ముందు కాలి మోకాలిపై 10 కిలోల డంబెల్ పెట్టి 40 సెకన్లు, రెండుసార్లు. వెంటనే చెక్క మీద 12 కిలోల గాబ్లెట్ స్క్వాట్, 4 సెకన్లు దిగడం, కింద 3 సెకన్లు ఆగడం, 6 చొప్పున 3 సెట్లు. అసలు పని ఫ్రంట్ స్క్వాట్, 5 చొప్పున 4 సెట్లు. చివర కూర్చుని చేసే కాఫ్ రెయిజ్, 10 చొప్పున 3 సెట్లు, ప్రతిసారీ మడమ పూర్తిగా కిందికి వదిలి 3 సెకన్లు. సోలియస్‌కి ఇంతకన్నా మంచి స్ట్రెచ్ నేను చూడలేదు.

గురువారం స్ప్లిట్ స్క్వాట్, ముందు మడమ నేలకి అతుక్కుని మోకాలు వేళ్ళు దాటేదాకా, కాలికి 8 చొప్పున 3 సెట్లు. ఆపైన చెక్క మీద తేలికైన బ్యాక్ స్క్వాట్. చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఒక కాలు పక్కకి చాపి వెనక్కి ఊగడం కూడా చేసేదాన్ని, లోపలి తొడలకి, 8 సార్లు చాలు.

ప్రతి ఆదివారం పొద్దున్నే వార్మప్ లేకుండా గోడ దగ్గర కొలిచి రాసుకున్నాను. 4 వారాలకి కుడి 5.5, 10 వారాలకి 7.5. కొలత పెరిగాక, వీడియోలో తుంటి జరగకుండా 5 రెప్స్ వస్తేనే చెక్క మందం తగ్గించాను: 3, తర్వాత 2, తర్వాత 1. ఒకసారి తొందరపడి నేరుగా 1కి వెళ్ళాను, రెండో సెట్‌కే పాదం వంపు కూలిపోయింది, మళ్ళీ 2కి వచ్చేశాను.

7.5 దగ్గర 5 నెలలుగా ఆగింది. పాత గాయం ఉన్న కీలు అంతవరకే వస్తుందేమో, దాంతో నాకు ఇబ్బంది లేదు. మడమ ఎత్తుగా ఉండే వెయిట్‌లిఫ్టింగ్ షూ కొనుక్కున్నాను. తొడ ఎముకలు పొడుగ్గా ఉన్నవాళ్ళకీ అదే నా సలహా, మడమ ఎత్తుకోవడం మోసమేం కాదు. మన బస్కీల్లో మడమలు లేపి ముందు పాదాల మీదే కదా కూర్చుంటారు.

చీలమండ ముందు నొప్పి మర్నాటికీ ఉంటే, వాపు వస్తే, గజ్జల్లో గుచ్చడం స్టాన్స్ మార్చినా తగ్గకపోతే ఈ డ్రిల్స్ ఆపి ఫిజియోకి చూపించండి. లేదంటే ఈ రోజే రెండు కాళ్ళూ కొలిచి ఆ అంకెలు, ఎక్కడ పట్టేసిందో కింద రాయండి, చెక్క ఎంత మందంతో మొదలుపెట్టాలో చెప్తాను.