చెవిలో హోరు: అర్ధరాత్రి మెలకువకి నాకు పనిచేసినవి

"పడుకోగానే రెండు చెవుల్లో కీచురాళ్ళు అరుస్తున్నట్టు ఉంటుంది. ఫోన్‌లో వాన చప్పుడు గట్టిగా పెట్టుకుంటే నిద్ర పడుతుంది కానీ, రెండు గంటలకల్లా మెలకువ వచ్చేస్తోంది, ఇక తెల్లవార్లూ జాగారమే. ఇంత చప్పుడు పెట్టినా ఎందుకిలా? మాది రాయగడ."

ఆ వాన చప్పుడుకి టైమర్ పెడుతున్నారా? గంటకో గంటన్నరకో అది ఆగిపోతుంటే మీ మెలకువకి కారణం చాలావరకు అదే. నేనూ ఏడాదిపాటు అదే తప్పు చేశాను.

మాది గుణుపురం. పంతొమ్మిదేళ్ళు రైస్ మిల్లులో పనిచేశాను, చెవులకి ఏమీ పెట్టుకోకుండా. హోరు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను గానీ, దాని సంగతి నాకు బాగా తెలిసింది మాత్రం ఒక కార్తీకమాసంలో, చలి మొదలై ఫ్యాన్ ఆపేసిన రాత్రి. వంశధార వైపు ఇల్లు, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం, అందులో నా చెవిలో సన్నగా, ఆగకుండా ఒక్కటే కూత. ఎండాకాలమంతా ఫ్యాన్ గాలి దాన్ని కప్పి ఉంచిందని అప్పుడు అర్థమైంది. బరంపురంలో ఆడియోగ్రామ్ తీస్తే సన్నటి శబ్దాలు వినే శక్తి రెండు చెవుల్లోనూ తగ్గిందని తేలింది. చెవికి అందాల్సిన శబ్దం తగ్గినప్పుడు మెదడు తన లోపలి రొదనే పెద్దది చేసుకుంటుంది, చుట్టూ నిశ్శబ్దం ఎక్కువైన కొద్దీ అది పైకి తేలుతుంది అని డాక్టరుగారు చెప్పారు. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదని కూడా ఆయనే చెప్పారు.

రాత్రి నిద్ర మధ్యలో మనందరికీ కాస్త కాస్త మెలకువ వస్తూనే ఉంటుంది, మామూలుగా తెలియకుండానే మళ్ళీ పడుకుంటాం. మనకైతే ఆ క్షణంలో గదిలో చప్పుడు ఆగిపోయి ఉంటే చెవిలో కూత ఒక్కసారిగా మీద పడుతుంది, గుండె దడదడలాడుతుంది, ఇక నిద్ర ఎక్కడిది? అందుకే చప్పుడు తెల్లవారేదాకా ఒకేలా ఉండాలి. వీడియో పెట్టుకోకండి, మధ్యలో ప్రకటన గట్టిగా మోగి లేపేస్తుంది. వాన చప్పుడో ఏరు పారే చప్పుడో ఫోన్‌లో దాచుకుని, అదే మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టి, ఫోన్ ఛార్జింగులో ఉంచండి. ఇయర్‌ఫోన్లు వద్దు. నేను టేబుల్ ఫ్యాన్‌ని గోడకి తిప్పి పెడతాను, గాలి తగలదు, చప్పుడు ఉంటుంది. కరెంటు పోతే మాత్రం ఫోనే దిక్కు.

ఇక "గట్టిగా" అన్నారు, అది రెండో తప్పు. లైటు ఆపి పడుకున్నాక చప్పుడుని సున్నా నుంచి కొంచెం కొంచెం పెంచండి. చెవిలో కూత ఇంకా వినిపిస్తూనే, వాన చప్పుడు దాని పక్కనే కలిసిపోయినట్టు అనిపించిన చోట ఆపేయండి. కూత పూర్తిగా మునిగిపోయిందంటే ఎక్కువైనట్టు, తగ్గించండి. పూర్తిగా కప్పేస్తే మెదడుకి దానితో అలవాటు పడే అవకాశం ఉండదు, పైగా ఆ పెద్ద చప్పుడే నిద్ర చెడగొడుతుంది. మొదటి మూడు నాలుగు రాత్రులు "ఇది చాలదే" అనిపిస్తుంది. నాకు తేడా తెలియడానికి ఆరు వారాలు పట్టింది.

మెలకువ వచ్చినప్పుడు నేను ముందు చూసుకునేది దవడ. నిద్రలో పళ్ళు బిగిస్తున్నానని మా ఆవిడే కనిపెట్టింది. దవడ గట్టిగా బిగించి చూడండి, చాలామందికి కూత అప్పటికప్పుడు మారుతుంది. పెదాలు మూసి పళ్ళు విడిగా ఉంచి, నాలుక వదులుగా వదిలేస్తాను. తర్వాత పాదాల నుంచి మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పిడికిళ్ళు, భుజాలు, ముఖం ఒక్కోటీ ఐదు సెకన్లు బిగించి, పది పదిహేను సెకన్లు పూర్తిగా వదిలేస్తాను, ఊపిరి నెమ్మదిగా బయటికి వదులుతూ. ఒళ్ళు వదులైతే ఆ దడ తగ్గుతుంది, కూత ఉన్నా దాని మీద ధ్యాస సడలుతుంది. పావుగంటకి మించి దొర్లుతున్నానని అనిపిస్తే (గడియారం మాత్రం చూడను) లేచి ముందు గదిలో చిన్న లైటు కింద బట్టలు మడతపెడతాను, కళ్ళు మూతలు పడ్డాకే మళ్ళీ మంచం ఎక్కుతాను.

ఒక్కటి మాత్రం అడగాలి: మీకు రెండు చెవుల్లోనూ అన్నారు కాబట్టి కొంత నయం, అయినా చెవి డాక్టరుకి ఇంతవరకు చూపించకపోతే ఒకసారి చూపించండి, గులిమి అడ్డుపడినా ఇలాగే హోరెత్తుతుంది. ఒక చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినిపిస్తున్నా, తల తిరుగుతున్నా ఆలస్యం చేయకండి. ఉన్నట్టుండి వినికిడి పడిపోతే అదే రోజు వెళ్ళాలి, అందులో రోజులు గడిస్తే వైద్యం పనిచేయడం కష్టం. ఈ రాత్రికి మాత్రం ముందు ఆ టైమర్ తీసేసి చూడండి.