ఫిస్టులాలో థ్రిల్ తెలియకపోతే

“డయాలసిస్ నుంచి వార్డుకి వచ్చిన పేషెంట్‌కి ఫిస్టులాలో థ్రిల్ తెలియట్లేదు, పొద్దున బాగానే ఉంది. బీపీ 90/60. రేపటి రౌండ్స్ వరకు ఆగొచ్చా? ఇలాంటివాళ్లకి పెరిటోనియల్ డయాలసిస్సే మేలు కదా?”

ఆగొద్దు సిస్టర్. ముందు స్టెతస్కోప్ పెట్టి వినండి. హోరుమనే శబ్దం కూడా లేకపోతే ఫిస్టులాలో రక్తం గడ్డకట్టిందనే అనుకుని వెంటనే నెఫ్రాలజిస్ట్‌కి ఫోన్ చేయండి. గడ్డను ఎంత త్వరగా తీస్తే ఫిస్టులా దక్కే అవకాశం అంత ఎక్కువ. ఆలస్యమైతే తర్వాతి డయాలసిస్‌కి మెడలో క్యాథెటర్ వేయాల్సి రావచ్చు, దాంతో ఇన్ఫెక్షన్ భయం.

మీరు రాసిన బీపీ చూస్తే కారణం అక్కడే ఉందనిపిస్తోంది. నీరు ఎక్కువగా తీసినప్పుడు బీపీ పడిపోయి ఫిస్టులాలో ప్రవాహం మందగిస్తుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తు చేయండి, సెలైన్ డాక్టర్ చెప్పినంతే. సూది గుచ్చిన చోట కట్టు బిగుతుగా ఉంటే వదులు చేసి, రక్తం కారకుండా వేలితో తేలిగ్గా నొక్కి పట్టుకోండి. ఫిస్టులాని మర్దన చేయకండి. ఆ చేతికి బీపీ కఫ్, ఇంజెక్షన్, రక్తం తీయడం ఏవీ వద్దని కేస్‌షీట్ మీద పెద్దగా రాయండి. వేళ్లు చల్లబడి నొప్పిగా ఉన్నాయంటే అదీ చెప్పండి.

పెరిటోనియల్ డయాలసిస్‌లో నీరు రోజూ నెమ్మదిగా పోతుంది కాబట్టి బీపీ ఇంతలా పడదు, ఫిస్టులా అక్కర్లేదు. కానీ ఇంట్లో రోజూ శుభ్రంగా బ్యాగులు మార్చగలవాళ్లు కావాలి. బయటికొచ్చే ద్రవం మబ్బుగా ఉన్నా, కడుపునొప్పి వచ్చినా పెరిటొనైటిస్‌గా అనుమానించి అదే రోజు పరీక్షకు పంపాలి.